రెండు తేదీలు, ఒక మెట్ల పట్టిక

తెలుగు కథలు చదివి వినిపించే ఒక ఆడియో సేవ ఉందనుకుందాం. నెలకు 99 రూపాయల చందా. ఎవరైనా ఏ రోజైనా చేరవచ్చు, ఏ రోజైనా మానేయవచ్చు. ఈ సేవా, దీని అంకెలూ ఈ వివరణ కోసం నేను కూర్చినవే. లెక్క నడిచే తీరు మాత్రం నిజమైన ఏ చందా వ్యాపారానికైనా ఇదే. 2024 జనవరి నుంచి జూన్ దాకా 1,340 మంది చేరారు. జూలై 31న జాబితా తీసి చూస్తే వాళ్లలో 747 మంది ఇంకా చందా కడుతున్నారు. 747ను 1,340తో భాగిస్తే 56 శాతం. యజమాని సంతోషించాడు: సగానికి పైగా నిలిచారు కదా!

ఆ 56 శాతం దేనికీ సమాధానం కాదు. అందులో జనవరిలో చేరి ఆరు నెలలు గడిపినవాళ్లు ఉన్నారు, జూన్ చివర్లో చేరి ఒక్క నెల నిండినవాళ్లూ ఉన్నారు. జూన్‌వాళ్లకు మానేసే అవకాశం ఇప్పటిదాకా ఒక్కసారే వచ్చింది. జనవరివాళ్లకు ఆరుసార్లు వచ్చింది. ఈ ఇద్దరినీ ఒకే కుప్పలో పోస్తే, వచ్చే నెల కొత్తవాళ్లు బాగా చేరినంత మాత్రాన శాతం పెరుగుతుంది. చేరికలు మందగిస్తే తగ్గుతుంది. పాతవాళ్ల తీరు ఏమీ మారకపోయినా సరే.

అందుకే ఎప్పుడు చేరినవాళ్లను అప్పటివాళ్లతోనే కట్టి చూడాలి. పదో తరగతి ఏ బ్యాచ్ అని అడుగుతామే, అదే ఆలోచన. ఒకే నెలలో చేరినవాళ్లంతా ఒక బ్యాచ్. గణాంకశాస్త్రంలో దీన్ని కోహార్ట్ అంటారు. రోమన్ సైన్యంలో లీజియన్ అనే పెద్ద దళంలో ఒక విభాగం పేరు అది. ప్రతి బ్యాచ్‌కూ ఒక వరుస, చేరినప్పటి నుంచి గడిచిన ప్రతి నెలకూ ఒక నిలువు గడి. ఇలా కట్టినదే కోహార్ట్ రిటెన్షన్ పట్టిక. దీనికి కావలసిన ముడిసరుకు రెండే తేదీలు: చందా మొదలైన రోజు, ముగిసిన రోజు. ఇంకా ముగియనివాళ్లకు రెండో తేదీ ఖాళీ. ఈ లెక్కలో కష్టమంతా ఆ ఖాళీ దగ్గరే ఉంది.

ముందు నాలుగు వరుసలు చేత్తో చేసి చూద్దాం. 1041 నంబరు చందాదారుడు జనవరి 10న చేరాడు. అతని సేవ చివరి రోజు మార్చి 9. అంటే జనవరి 10 నుంచి ఫిబ్రవరి 9 వరకు ఒక నెల, ఫిబ్రవరి 10 నుంచి మార్చి 9 వరకు ఇంకో నెల కట్టాడు. మొదటిది చేరిక, రెండోది పునరుద్ధరణ. కాబట్టి అతను ఒకసారి పునరుద్ధరించుకున్నాడు. 1058 నంబరు జనవరి 25న చేరి ఇప్పటికీ ఉన్నాడు. జూలై 31 నాటికి ఆరు పునరుద్ధరణలు. 1203 నంబరు ఏప్రిల్ 3న చేరి మే 2తో ఆగాడు, సున్నా. 1377 నంబరు జూన్ 18న చేరి ఉన్నాడు, ఒకటి.

ఇప్పుడు 1203నూ 1377నూ పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ రెండోసారి పునరుద్ధరించుకోలేదు. కానీ 1203కు ఆ అవకాశం వచ్చింది, వదులుకున్నాడు. 1377కు ఆ రోజు ఇంకా రాలేదు, ఆగస్టు 18న వస్తుంది. అంటే ఒక్కొక్కరికీ రెండు సంఖ్యలు కావాలి: ఎన్నిసార్లు పునరుద్ధరించుకున్నారు, ఈ రోజుకు గరిష్ఠంగా ఎన్నిసార్లు పునరుద్ధరించుకోగలిగేవారు. మొదటి సంఖ్య పట్టికలో పైన లవానికి, రెండోది కింద హారానికి. చాలామంది మొదటిది ఒక్కటే లెక్కవేస్తారు. పట్టిక తప్పడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ఎక్కువ.

స్ప్రెడ్‌షీట్‌లో B నిలువులో మొదలైన తేదీ, C నిలువులో సేవ చివరి రోజు, H1 గడిలో లెక్క తేదీ ఉంచితే ఈ పని మూడు సూత్రాలతో అయిపోతుంది.

```
D2: =EOMONTH(B2,-1)+1
E2: =DATEDIF(B2,MIN(C2,$H$1),"m")
F2: =DATEDIF(B2,$H$1,"m")
```

D అంటే బ్యాచ్, అంటే చేరిన నెల మొదటి తేదీ. E అంటే పూర్తయిన నెలలు, అంటే పునరుద్ధరణలు. F అంటే ఈ రోజుకు పూర్తి కాగలిగిన నెలలు. `MIN` అక్కడ రెండు పనులు చేస్తోంది. C ఖాళీగా ఉంటే దాన్ని వదిలేసి లెక్క తేదీని తీసుకుంటుంది. C లో ఆగస్టు 20 లాంటి రాబోయే తేదీ ఉంటే, అంతవరకూ పోకుండా లెక్క తేదీ దగ్గరే ఆపుతుంది. ఆ తర్వాత బ్యాచ్ తేదీలు J నిలువులోనూ, నెలల సంఖ్యలు మొదటి వరుసలోనూ రాసుకుని ప్రతి గడిలో ఇది పెట్టాలి:

```
=IFERROR(
 COUNTIFS($D:$D,$J2,$E:$E,">="&K$1)/
 COUNTIFS($D:$D,$J2,$F:$F,">="&K$1),"")
```

చివర ఉన్న ఆ రెండు కొటేషన్ గుర్తుల మీద ఒక్క క్షణం ఆగాలి. ఒక బ్యాచ్‌లో ఎవరికీ ఆ నెల ఇంకా రాకపోతే హారం సున్నా అవుతుంది, భాగహారం కుదరదు, తెర మీద పొరపాటు గుర్తు కనిపిస్తుంది. అది చూడ్డానికి బాగోలేదని అక్కడ 0 పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ పని చేయకండి. ఖాళీ అంటే ఇంకా తెలియదు. సున్నా అంటే అందరూ వెళ్లిపోయారు. రెండింటికీ పోలికే లేదు.

మన సేవ పట్టిక జూలై 31 నాటికి ఇలా వస్తుంది. శాతాలకు బదులు మనుషుల సంఖ్యే ఇస్తున్నాను, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

| బ్యాచ్ | చేరినవారు | 1వ నెల | 2వ నెల | 3వ నెల | 4వ నెల | 5వ నెల | 6వ నెల |
|---|---|---|---|---|---|---|---|
| జనవరి | 200 | 160 | 140 | 128 | 120 | 114 | 110 |
| ఫిబ్రవరి | 160 | 126 | 112 | 102 | 96 | 91 | |
| మార్చి | 250 | 205 | 180 | 165 | 155 | | |
| ఏప్రిల్ | 400 | 200 | 160 | 144 | | | |
| మే | 180 | 142 | 126 | | | | |
| జూన్ | 150 | 121 | | | | | |

కిందికి పోయేకొద్దీ ఒక్కో గడి తగ్గుతూ మెట్లలా ఉంది కదా. ఇంత చక్కగా రావడానికి కారణం లెక్క తేదీగా 31 రోజుల నెల ఆఖరి రోజును ఎంచుకోవడం. జూలై 31కి జనవరిలో ఏ రోజు చేరినవారికైనా ఆరు నెలలు నిండాయి, ఏడు ఎవరికీ నిండలేదు. అదే పట్టికను ఆగస్టు 15న తీస్తే మెట్టు అంచు విరుగుతుంది. జనవరి 1 నుంచి 15 లోపు చేరినవారికి ఏడు నెలలు నిండాయి, 16 తర్వాత చేరినవారికి నిండలేదు. మొదటి సగంలో చేరినవారు 90 మంది, వారిలో 48 మంది ఉన్నారనుకుంటే ఏడో నెల విలువ 90లో 48, అంటే 53 శాతం. బ్యాచ్ మొత్తం 200తో భాగిస్తే 24 శాతం వస్తుంది. 55 శాతం నుంచి ఒక్క నెలలో 24కి పడిపోయిందని ఎవరో కంగారుపడి సమావేశం పెడతారు. జరిగింది ఏమీ లేదు, నెల సగమే గడిచింది. F నిలువు ఉన్న సూత్రం 90తోనే భాగిస్తుంది కాబట్టి ఆ గడబిడ రాదు. అయినా సగం నిండిన గడిని వేరే రంగులో చూపించడమో, నెల నిండేదాకా దాచడమో మంచిది.

ఇక పట్టికను చదువుదాం. అడ్డంగా జనవరి వరుస చూస్తే 200 మందిలో మొదటి నెల తర్వాత 160 మంది మిగిలారు. అంటే 40 మంది ఒక్క నెల విని వెళ్లిపోయారు. తర్వాత వెళ్లినవారు వరుసగా 20, 12, 8, 6, 4. వెళ్లేవాళ్లు తగ్గుతున్నారు. చందా వ్యాపారాల్లో ఇది మామూలు ఆకారమే: మొదటి పునరుద్ధరణ దగ్గర పెద్ద గండి, తర్వాత సన్నని కారుడు.

నిలువుగా మొదటి నెల చూస్తే జనవరి 80 శాతం, ఫిబ్రవరి 79, మార్చి 82, మే 79, జూన్ 81. ఈ తేడాల వెనక కథలు వెతకకండి. 160 మందిలో 79 శాతం అన్నప్పుడు, అదే తీరు ఉన్న మరో 160 మంది చేరి ఉంటే కేవలం యాదృచ్ఛికంగానే అటూ ఇటూ ఆరు పాయింట్లు మారవచ్చు. మార్చిలో కొత్త కథకుడు వచ్చాడు కాబట్టి 82 అయింది అనేవాడి దగ్గర రుజువేమీ లేదు.

ఏప్రిల్ అలా కాదు, 50 శాతం. 400 మంది చేరారు, సగం మంది మొదటి నెలతోనే వెళ్లారు. ఆ నెలలో ఏం జరిగింది? 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మన సేవ పండక్కి మొదటి నెల 9 రూపాయలకే ఇచ్చిందనుకుందాం. తొమ్మిది రూపాయలకు వచ్చినవాళ్లలో చాలామంది తొంభై తొమ్మిదికి ఉండలేదు. ఇక్కడితో ఆపేస్తే ఆఫర్ దండగ అన్న తీర్పు వస్తుంది. కానీ మనుషుల సంఖ్య చూడండి: మూడో నెలకు జనవరి బ్యాచ్‌లో 128 మంది ఉంటే ఏప్రిల్ బ్యాచ్‌లో 144 మంది ఉన్నారు. మొదటి నెల దాటినవారిని మాత్రమే తీసుకుంటే, జనవరిలో 160 మందిలో 128 మంది, అంటే 80 శాతం, మూడో నెలకు నిలిచారు. ఏప్రిల్‌లో 200లో 144, 72 శాతం. కొంచెం తక్కువే, కానీ మొదటి నెలలో ఉన్నంత అంతరం లేదు. ఆఫర్ తెచ్చిన నష్టం దాదాపుగా మొదటి గడిలోనే తేలిపోయింది. శాతాలే ఉన్న పట్టికలో ఏప్రిల్ వరుస ఎర్రగా మండుతూ కనిపిస్తుంది, ఆ 144 మంది మాత్రం కనిపించరు. ఏ పట్టికైనా శాతం పక్కన మనుషుల సంఖ్య లేకుండా ఇస్తే నేను తిరిగి పంపేస్తాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఇన్ని వరుసలు చూసే ఓపిక లేదు, కింద ఒక్క సగటు వరుస ఇవ్వు అని అడుగుతారు. న్యాయమైన కోరికే. మూడు విధాలుగా చేయవచ్చు, మూడు వేర్వేరు సమాధానాలు వస్తాయి.

మొదటిది, ఖాళీలను సున్నాలుగా తీసుకుని ప్రతి నిలువునూ 1,340తో భాగించడం. ఆరో నెలకు 1,340లో 110, అంటే 8 శాతం. ఆరు నెలల్లో వందకు తొంభై రెండు మంది పారిపోతున్నారన్నమాట! ఆరు నెలలు గడిపిన ఒకే ఒక్క బ్యాచ్‌లో నిజానికి 55 శాతం ఉన్నారు. ఇది ముందు చెప్పిన తప్పే, పెద్ద అంకెల్లో.

రెండోది, ఏ నిలువులో ఎన్ని బ్యాచ్‌లు ఉన్నాయో వాటినే కలిపి భాగించడం. మొదటి నెలకు ఆరు బ్యాచ్‌లూ ఉన్నాయి, 1,340లో 954, అంటే 71 శాతం. రెండో నెలకు 60, మూడో నెలకు 53. నాలుగో నెలకు జనవరి, ఫిబ్రవరి, మార్చి మాత్రమే మిగిలాయి: 610లో 371, అంటే 61 శాతం. ఆగండి, 53 నుంచి 61కి పెరిగింది. వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చారా? మన జాబితాలో ఒక్కరికి ఒక్క మొదలు, ఒక్క ముగింపు. తిరిగిరావడం అనేదే లేదు. జరిగిందేమిటంటే మూడో నెల దాకా సగటును కిందికి లాగిన ఏప్రిల్ బ్యాచ్ నాలుగో నెల నిలువులో లేదు. బరువు దిగగానే సగటు లేచింది. చాలా డ్యాష్‌బోర్డుల్లో కింద ఉండేది ఈ వరుసే. నిలుపుదల గీత ఎక్కడైనా పైకి లేస్తే, మనుషులు మారారని కాదు, లెక్కలో ఉన్న మనుషులే మారారని వెంటనే అనుమానించాలి. ఇక్కడ పెరుగుదల కొట్టొచ్చినట్టు ఉంది కాబట్టి దొరికింది. ఏప్రిల్ బ్యాచ్ బాగా చిన్నదై ఉంటే, గీత పైకి లేవకుండా చదునుగా సాగేది. నాలుగో నెల నుంచి మనవాళ్లు గట్టిపడ్డారని అందరూ నమ్మేవాళ్లు.

మూడోది, మెట్టు మెట్టుగా లెక్కించి గుణించడం. ప్రతి మెట్టు దగ్గరా, ముందు గడీ తర్వాతి గడీ రెండూ ఉన్న బ్యాచ్‌లను మాత్రమే తీసుకోవాలి. మొదటి నెలకు 1,340లో 954, అంటే 0.712. రెండో మెట్టుకు జూన్ బ్యాచ్‌ను వదిలేయాలి, దానికి రెండో గడి లేదు. మిగతా ఐదు బ్యాచ్‌లలో మొదటి నెలకు 833 మంది ఉంటే రెండో నెలకు 718 మంది ఉన్నారు, 0.862. తర్వాత నాలుగు బ్యాచ్‌లతో 592లో 539, అంటే 0.910. మూడు బ్యాచ్‌లతో 395లో 371, అంటే 0.939. రెండింటితో 216లో 205, అంటే 0.949. చివరికి జనవరి ఒక్కదానితో 114లో 110, అంటే 0.965. వీటిని వరుసగా గుణించుకుంటూ పోతే 71, 61, 56, 52, 50, 48 శాతం వస్తాయి. ప్రతి మెట్టు విలువా ఒకటికి మించదు కాబట్టి ఈ గీత ఎప్పటికీ పైకి లేవదు.

ఈ ఆలోచన చందాల కోసం పుట్టలేదు. ఎడ్వర్డ్ కప్లాన్, పాల్ మీయర్ 1958లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో రాసిన వ్యాసం దీనికి గట్టి పునాది వేసింది. మీయర్‌ది వైద్య పరిశోధన: అధ్యయనం ముగిసేనాటికి కొందరు రోగులు ఇంకా బతికే ఉంటారు, వాళ్ల ఆయుర్దాయం ఎంతని రాయాలి? కప్లాన్ బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో వాక్యూమ్ ట్యూబుల జీవితకాలం లెక్కిస్తున్నాడు. అక్కడా అదే ప్రశ్న: ఇంకా కాలిపోని ట్యూబును ఎలా లెక్కించాలి? మన జాబితాలో C నిలువు ఖాళీగా ఉన్న 747 మంది సరిగ్గా ఆ ట్యూబుల లాంటివాళ్లే. ఎంతకాలం ఉంటారో తెలియదు. కానీ ఇప్పటిదాకా ఉన్నారన్నది తెలుసు, ఆ తెలిసినంత మేర వాళ్లు లెక్కలో ఉండాలి.

దీనికీ ఒక హద్దు ఉంది. 48 శాతం రావాలంటే, ఏప్రిల్‌వాళ్లు నాలుగో నెల నుంచి జనవరి, ఫిబ్రవరి, మార్చివాళ్లలాగే ప్రవర్తిస్తారని మనం ఒప్పుకున్నట్టే. ఇప్పటిదాకా చూస్తే మూడో మెట్టు దగ్గర ఏప్రిల్ 0.90, జనవరి 0.91. కాబట్టి ఒప్పుకోలు మరీ అన్యాయమైంది కాదు. అయినా ఆఖరి మెట్టు 114 మంది మీదే నిలబడి ఉంది. ఆఫర్ బ్యాచ్‌ను విడిగా, మామూలు బ్యాచ్‌లను విడిగా రెండు గీతలు గీయడం నాకు ఇంకా ఇష్టం. ఏప్రిల్ లేకుండా మొదటి నెల 940లో 754, దాదాపు 80 శాతం. సేవ అసలు బలం అది.

ఇంతవరకూ తేదీలు నమ్మదగినవే అనుకున్నాం. C నిలువును నేను "సేవ చివరి రోజు" అని జాగ్రత్తగా పిలిచాను. చెల్లింపుల వ్యవస్థ నుంచి వచ్చే జాబితాలో ఆ నిలువు పేరు `cancelled_at` అనో `ended_at` అనో ఉంటుంది. ఆ పేరు వెనక మూడు వేర్వేరు రోజులు ఉండవచ్చు.

జనవరి 10న చేరిన మనిషి జనవరి 20న రద్దు బటన్ నొక్కాడు. డబ్బు కట్టాడు కాబట్టి ఫిబ్రవరి 9 దాకా వింటాడు. నొక్కిన రోజు రాసినా, చివరి రోజు రాసినా పూర్తయిన నెలలు సున్నాయే, పట్టిక మారదు. కానీ కొన్ని వ్యవస్థలు ముగింపు తేదీగా ఫిబ్రవరి 10 రాస్తాయి, కొత్త నెల మొదలు కావలసిన క్షణమే పాత నెల ముగింపు అన్న తర్కంతో. ఒక్క రోజే కదా అనిపిస్తుంది. అయితే జనవరి 10 నుంచి ఫిబ్రవరి 10కి `DATEDIF` ఇచ్చే జవాబు 1. ఒక్కసారి కూడా పునరుద్ధరించుకోని మనిషి ఒకసారి పునరుద్ధరించుకున్నట్టు లెక్కలోకి వస్తాడు. అందరి ముగింపు తేదీలూ అలాగే ఉంటాయి కాబట్టి పట్టిక మొత్తం ఒక గడి కుడికి జరుగుతుంది. పట్టుకోవడం తేలిక: మొదటి నెల నిలువు పై నుంచి కింది దాకా 100 శాతం కనిపిస్తుంది. నిజజీవితంలో అలా ఉండదు. విరుగుడు C లోంచి ఒక రోజు తీసేయడం, అది ఖాళీ లేని వరుసల్లో మాత్రమే.

మూడో రకం ఇంకా మోసకారి. ఫిబ్రవరి 10న కార్డు నుంచి డబ్బు రాలేదు. వ్యవస్థ వారం రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఫిబ్రవరి 17న చందా రద్దు చేసి ఆ తేదీ రాసింది. అతను రెండో నెలకు పైసా కట్టలేదు, కానీ లెక్కలో ఒక పునరుద్ధరణ పడింది. ఇది కొందరికే జరుగుతుంది కాబట్టి నిలువు 100 శాతం కాదు, ఏ 80 ఉండాల్సింది 86 అవుతుంది. చూసేవాళ్లకు అనుమానమే రాదు. కనిపెట్టాలంటే, చేరిన తేదీకీ ముగింపు తేదీకీ మధ్య నిండు నెలలు తీసేశాక మిగిలిన రోజులను లెక్కపెట్టాలి. `DATEDIF` లో `"m"` బదులు `"md"` పెడితే ఆ మిగులు రోజులు వస్తాయి. C లో సేవ చివరి రోజు ఉంటే అవి నెల నిండడానికి ఒక రోజు తక్కువ దగ్గరే ఉండాలి, రద్దు నొక్కిన రోజు ఉంటే అటూ ఇటూ చెదిరి ఉండాలి. ఏడో రోజు దగ్గర ఒక గుట్ట కనిపిస్తే, అక్కడున్నవాళ్లు మానేసినవాళ్లు కారు, చెల్లింపు విఫలమైనవాళ్లు. వాళ్ల ముగింపు తేదీని డబ్బు కట్టిన ఆఖరి నెల చివరికి వెనక్కి జరపాలి.

చెల్లింపు విఫలం కావడాన్ని మనిషి నిర్ణయంగా పొరబడకుండా ఉండడానికి పట్టికను మూడో దిశలో కూడా చదవాలి, ఐమూలగా. మన పట్టికలో జనవరి ఆరో నెల, ఫిబ్రవరి ఐదో నెల, మార్చి నాలుగో నెల, అలా జూన్ మొదటి నెల దాకా ఉన్న మెట్ల అంచు గడులన్నీ ఒకే క్యాలెండర్ నెలవి, జూలైవి. జూలైలో అందరికీ ఒకేసారి ఏదైనా జరిగితే అది ఒక వరుసలో కనబడదు, ఒక నిలువులోనూ కనబడదు. ఆ ఐమూల పొడవునా గంటు పడుతుంది.

మన దేశంలో దీనికి చక్కటి సందర్భం 2021 అక్టోబరు 1. ఆ రోజు నుంచి కార్డుల మీద ప్రతినెలా తనంతట తానే డబ్బు తీసుకునే పద్ధతికి రిజర్వ్ బ్యాంక్ కొత్త ఇ-మ్యాండేట్ నిబంధనలు తప్పనిసరి అయ్యాయి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు తెలియజేయాలి. అప్పట్లో 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ అదనపు ధ్రువీకరణ అవసరమయ్యేది. ఆ పరిమితిని 2022 జూన్‌లో 15,000కు పెంచారు. కొత్త పద్ధతికి మారని పాత అనుమతుల మీద చెల్లింపులు ఆగిపోయాయి. అప్పటి చందా జాబితా దగ్గర ఉన్నవాళ్లు పట్టిక కట్టి చూడండి. జూన్ 2021 బ్యాచ్ నాలుగో నెల దగ్గర, జూలై బ్యాచ్ మూడో నెల దగ్గర, ఆగస్టు రెండు దగ్గర, సెప్టెంబరు ఒకటి దగ్గర గంటు ఉందేమో వెతకండి. ఉంటే, అక్కడ వెళ్లినవాళ్లను కథలు నచ్చక వెళ్లినవాళ్లుగా రాయడం వాళ్లపట్ల కూడా అన్యాయమే.

తేదీల రాత కూడా చెప్పాలి. 03/04/2024 మనకు ఏప్రిల్ 3, అమెరికా అమరికలో ఉన్న కంప్యూటరుకు మార్చి 4. అలాంటి కంప్యూటరులో జాబితా తెరిస్తే పన్నెండు లోపు రోజులు తలకిందులవుతాయి. 25/06/2024 లాంటివి తేదీలుగా గుర్తింపు పొందక మామూలు అక్షరాలుగా మిగులుతాయి. B లో అలా జరిగితే పొరపాటు గుర్తు వచ్చి దొరికిపోతుంది. C లో జరిగితే దొరకదు. `MIN` ఖాళీని ఎలా వదిలేస్తుందో అక్షరాలనూ అలాగే వదిలేస్తుంది. జూన్ 25న మానేసిన మనిషి ఇంకా ఉన్నట్టు లెక్కలోకి వస్తాడు, ఏ హెచ్చరికా లేకుండా. పట్టిక కట్టేముందు ఇది సున్నా రావాలి:

```
=COUNTA(C2:C2000)-COUNT(C2:C2000)
```

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు చందాదారులైతే ఇంకో జాగ్రత్త. సర్వర్లు సాధారణంగా సమయాన్ని UTCలో రాస్తాయి. డాలస్‌లో జనవరి 31 రాత్రి ఏడు గంటలకు, పిల్లలను పడుకోబెట్టే ముందు ఒక తల్లి చందా కడితే అప్పటికి UTCలో ఫిబ్రవరి 1 తెల్లవారుజాము ఒంటిగంట. ఆమె జనవరి బ్యాచ్ నుంచి ఫిబ్రవరి బ్యాచ్‌లోకి పోయింది. హైదరాబాదులో తేడా వచ్చేది అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా చేరినవాళ్లకే, వాళ్లు కొద్దిమందే. అమెరికాలో తేడా వచ్చేది కథలు బాగా వినే సాయంత్రం వేళలోనే. ఏదో ఒక ప్రాంతం సమయానికి అందరినీ మార్చి, అదే ఎప్పటికీ పాటిస్తే చాలు.

ఆఖరుగా, నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే సంగతి. మానేసినవారిలో కొందరు కొన్ని నెలల తర్వాత తిరిగొస్తారు. కొన్ని వ్యవస్థలు వాళ్లకు కొత్త వరుస తెరుస్తాయి, అప్పుడు ఒకే మనిషి రెండు బ్యాచ్‌లలో ఉంటాడు. అది సర్దుకోవచ్చు: మనిషి వారీగా చూస్తే మొదటి వరుసను ఉంచుకుని, తిరిగొచ్చినవారిని వేరే జాబితాగా చూపవచ్చు. కొన్ని వ్యవస్థలు మాత్రం పాత వరుసలోని ముగింపు తేదీని తుడిచేస్తాయి. జనవరిలో చేరి మార్చిలో మానేసి ఆగస్టులో వచ్చిన మనిషి, ఇప్పుడు జాబితా ప్రకారం ఒక్క రోజు కూడా వెళ్లలేదు. మధ్యలోని అయిదు నెలలు ఎక్కడా లేవు. ముడి జాబితాను ఎంతసేపు చూసినా ఆ తుడుపు కనబడదు, ఎందుకంటే ఖాళీ గడి ఎప్పటి నుంచి ఖాళీయో ఖాళీ గడి చెప్పదు.

అందుకని నేను ప్రతి నెలా చివరి రోజున ముడి జాబితాను తేదీ వేసి యథాతథంగా పక్కన పెట్టిస్తాను. ఆగస్టు 31న కొత్త జాబితాతో పట్టిక కట్టి, జూలై 31 నాటి పట్టికతో పాత గడులను ఒక్కొక్కటిగా పోలుస్తాను. జనవరి వరుస ఆరో నెలలో అప్పుడు 110 ఉంది. ఆ గడిలోని పునరుద్ధరణ తేదీలన్నీ జూలైలోనే అయిపోయాయి కాబట్టి ఇప్పుడూ 110 ఉండాలి. 113 కనిపిస్తే, ఆ ముగ్గురు ఎవరో పాత జాబితాలో వెతికి, వాళ్ల ముగింపు తేదీలను తిరిగి రాస్తాను.